చివరి వరుసకు చేరిన నిషేధం: ముక్కలైన ప్యాకెట్లు ఏసీఎల్‌ను దాటిన ఒక కేసు

ఒక మధ్యతరహా సంస్థలో పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ రిజాల్వర్ అప్పుడప్పుడు మొండికేస్తోందని మమ్మల్ని పిలిచారు. చాలా పేర్లకు జవాబులు మామూలుగానే వస్తున్నాయి. డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు ఉన్న కొన్ని డొమైన్లకు మాత్రం జవాబు ఒకసారి వస్తోంది, మరోసారి రావడం లేదు. సర్వర్ మీద భారం పెద్దగా లేదు, ఇంటర్నెట్ లింకు సగం కూడా నిండలేదు. వెతుకుతూ పోగా కారణం సర్వర్‌లో కాక, సరిహద్దు రౌటర్ మీద ఉన్న, ఏ ప్యాకెట్‌ను రానివ్వాలో దేన్ని ఆపాలో చెప్పే నియమాల జాబితా అయిన ఏసీఎల్‌లో దొరికింది. ఆ ఏసీఎల్‌లో ముక్కలను ఆపడానికి ప్రత్యేకంగా ఒక లైన్ ఉండటం, అది ఉన్నా ముక్కలు లోపలికి రావడం ఈ కేసును రాయదగినదిగా చేశాయి.

రౌటర్ మీద ఉన్న నియమాల్లో అసలు విషయానికి అవసరమైనవి ఇవి. నిజమైన చిరునామాల స్థానంలో ఉదాహరణల కోసం కేటాయించిన చిరునామాలు వేశాను.

```
ip access-list extended EDGE-IN
 10 permit tcp any 203.0.113.0 0.0.0.255 established
 20 permit tcp any host 203.0.113.20 eq 443
 30 permit udp any eq 53 host 203.0.113.53
 40 permit udp any host 203.0.113.5 eq 500
 50 permit udp any host 203.0.113.5 eq 4500
 60 deny   ip any any fragments
 70 deny   ip any any log
```

ఇందులో .20 వెబ్ సర్వర్, .53 రిజాల్వర్, .5 శాఖా కార్యాలయాలు కలిసే వీపీఎన్ గేట్‌వే. లైన్ 10 లోపలివారు బయటికి తెరిచిన టీసీపీ కనెక్షన్ల జవాబులను రానిస్తుంది. లైన్ 60 ఒక పాత ఆడిట్ నివేదికలో వచ్చిన అభ్యంతరానికి సమాధానంగా చేర్చినది. ఆ లైన్ ఉంది గనుక ఆడిట్ పట్టికలో ఆ అంశం పక్కన టిక్కు పడింది. లైన్ పక్కన కనిపించే లెక్క చాలా తక్కువగా ఉండటంతో ముక్కలు అసలు రావడమే లేదని నిర్వాహకులు భావించారు. నిజానికి అవి వస్తున్నాయి, కానీ లైన్ 60 దాకా చేరేలోపే పై లైన్లు వాటిని లోపలికి పంపేస్తున్నాయి.

పోర్టు లేని ముక్కను నియమం ఎలా చదువుతుంది

ఐపీవీ4 ప్యాకెట్ దారిలోని లింకుకు పట్టనంత పెద్దదైతే దాన్ని ముక్కలు చేసి పంపుతారు. ఒకే ప్యాకెట్‌కు చెందిన ముక్కలన్నిటికీ 16 బిట్ల గుర్తింపు సంఖ్య ఒకటే ఉంటుంది. ప్రతి ముక్కలో అది అసలు ప్యాకెట్‌లో ఎక్కడ కూర్చోవాలో చెప్పే ఆఫ్‌సెట్ ఉంటుంది, దాన్ని 8 బైట్ల లెక్కన కొలుస్తారు. ఇంకా ముక్కలు వెనక ఉన్నాయని చెప్పే ఎంఎఫ్ అనే బిట్ చివరి ముక్కలో తప్ప మిగతా అన్నిటిలో 1గా ఉంటుంది. లింకు ఒక్కసారి మోయగల గరిష్ఠ ప్యాకెట్ పరిమాణాన్ని ఎంటీయూ అంటారు. 1500 బైట్ల ఎంటీయూ ఉన్న ఈథర్నెట్ మీద 20 బైట్ల ఐపీ హెడర్ పోగా 1480 బైట్లు మిగులుతాయి కాబట్టి, మామూలుగా రెండో ముక్క ఆఫ్‌సెట్ 185 అవుతుంది.

టీసీపీ, యూడీపీ హెడర్లు ఐపీ హెడర్ వెంటనే వచ్చే భాగం కనుక అవి మామూలుగా మొదటి ముక్కలోనే ఉంటాయి. రెండో ముక్కలో, ఆ తర్వాతి వాటిలో పోర్టు సంఖ్యలు ఉండవు, ఫ్లాగులు ఉండవు. కనెక్షన్ స్థితిని గుర్తుంచుకోని, ప్యాకెట్‌ను దానికదిగా చూసి తీర్పు చెప్పే ఏసీఎల్‌కు అలాంటి ముక్క ఎదురైనప్పుడు "ఇది 443కు వెళ్తోందా?" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. ఈ శైలి ఏసీఎల్‌లు పాటించే సూత్రం ఇలా ఉంటుంది. పోర్టు లేదా ఫ్లాగు అడిగే permit లైన్ అయితే, ముక్కలోని చిరునామాలు, ప్రోటోకాల్ సరిపోతే చాలు, దాన్ని లోపలికి వదులుతుంది. పోర్టు అడిగే deny లైన్ అయితే, ఆ ముక్క ఆ లైన్‌కు సరిపోలనట్టే లెక్కించి కింది లైన్‌కు పంపుతుంది. అంటే సందేహం వచ్చిన ప్రతిసారీ అనుమతి వైపే మొగ్గుతుంది. చెక్‌పోస్టులో మొదటి లారీ వేబిల్లు చూసి, వెనకాల వచ్చేవి కూడా ఆ సరుకేనని చెప్పుకుంటే వదిలేసినట్టన్నమాట.

ఈ సూత్రం వెనక ఒక తర్కం ఉంది. మొదటి ముక్కను ఆపేస్తే మిగిలిన ముక్కలు లోపలికి వెళ్లినా అవతలి కంప్యూటర్ వాటిని కూర్చలేదు, కొంతసేపు వేచి చూసి పారేస్తుంది, కాబట్టి ప్రమాదం లేదన్నది ఆ తర్కం. చాలా సందర్భాల్లో అది నిజమే. అది ఎక్కడ విరిగిపోతుందో చూపించడమే ఈ కేసు.

పై సూత్రంతో మన జాబితాను మళ్లీ చదివితే లైన్ 60 పక్కన లెక్క ఎందుకు తక్కువగా ఉందో తెలుస్తుంది. ఆ నెట్‌వర్క్‌లోని ఏ చిరునామాకు వచ్చిన టీసీపీ ముక్క అయినా లైన్ 10తోనే లోపలికి పోతుంది, ఎందుకంటే `established` అడిగే ఫ్లాగు ఆ ముక్కలో లేదు, చిరునామా మాత్రం సరిపోయింది. రిజాల్వర్‌కు వచ్చిన యూడీపీ ముక్కను లైన్ 30, వీపీఎన్ గేట్‌వేకు వచ్చినదాన్ని లైన్ 40 లోపలికి పంపుతాయి. లైన్ 60కి మిగిలేది ఏ permit లైన్ కిందా పడని ముక్కలు మాత్రమే, అంటే వెబ్ సర్వర్‌కు వచ్చిన యూడీపీ ముక్క, ఎవరో పంపిన పెద్ద పింగ్ ముక్క వంటివి. వాటిని లైన్ 60 లేకపోయినా లైన్ 70 ఎలాగూ ఆపేది. కాబట్టి ఆ చోట ఆ లైన్ చేసే పని ఏమీ లేదు.

రుజువు చేసిన తీరు

సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి, పరీక్షకు కేటాయించిన సమయం తీసుకున్నాకే బయటి నుంచి ముక్కలు పంపాము. మొదటి పరీక్ష చాలా చిన్నది. మొదటి ముక్క లేకుండా, ఆఫ్‌సెట్ 185తో ఒకే ఒక్క టీసీపీ ముక్కను వెబ్ సర్వర్‌కు పంపి, అది చేరిందా లేదా అని చూశాము.

```
from scapy.all import *
send(IP(dst="203.0.113.20", proto=6, id=4660, frag=185)/Raw(b"A"*64))
```

సర్వర్ దగ్గర వినడానికి ఈ ఆదేశం సరిపోతుంది. అందులోని 0x3fff ఎంఎఫ్ బిట్‌ను, ఆఫ్‌సెట్‌లోని 13 బిట్లను కలిపి చూస్తుంది, కాబట్టి మొదటి ముక్కలు, తర్వాతి ముక్కలు రెండూ కనిపిస్తాయి.

```
tcpdump -ni eth0 'ip[6:2] & 0x3fff != 0'
```

ముక్క చేరింది. పంపిన వైపు నుంచి చూస్తే మాత్రం ఏ జవాబూ రాదు. ముక్కలు సమయానికి పూర్తిగా అందకపోతే కంప్యూటర్ ఐసీఎంపీ రకం 11, కోడ్ 1 సందేశం పంపాలి, కానీ మొదటి ముక్క చేతికి వచ్చి ఉంటేనే పంపాలన్నది నియమం. అందువల్ల బయటి నుంచి మాత్రమే పరీక్షించి, జవాబు రాలేదు గనుక రౌటర్ ఆపేసిందని నిర్ధారించే నివేదికలను నమ్మకూడదు. లోపలి వైపు ఎవరో ఒకరు వినాలి. సర్వర్ మీద టీసీపీడంప్ నడిపే వీలు లేకపోతే లినక్స్ కెర్నల్ లెక్కలైనా చూడాలి:

```
nstat -az IpReasmReqds IpReasmFails IpReasmTimeout
```

జతలేని ముక్క చేరిన వెంటనే మొదటి సంఖ్య పెరుగుతుంది. `ipfrag_time` మామూలుగా 30 సెకన్లు కనుక, ఆ గడువు గడిచాక మిగిలిన రెండూ పెరుగుతాయి. రిజాల్వర్ మీద ఈ సంఖ్యలు చూసినప్పుడే మొదటి ఫిర్యాదు ముడి వీడింది. మేము ఏమీ పంపని గంటల్లో కూడా అక్కడ `IpReasmTimeout` ఆగకుండా పెరుగుతోంది. రకరకాల చిరునామాల పేరుతో మొదటి ముక్క లేని యూడీపీ ముక్కలు వచ్చి పడుతున్నాయి. పంపినవారి చిరునామా నకిలీది కావచ్చు కనుక ఎవరు పంపుతున్నారన్న ప్రశ్నను మేము పక్కన పెట్టాము.

ముక్కలు లోపలికి వస్తే ఏమవుతుంది

మొదటి నష్టం కళ్లముందు ఉన్నదే. లినక్స్ కెర్నల్ కూర్పు కోసం ఎదురుచూసే ముక్కలకు `ipfrag_high_thresh` అనే హద్దు పెడుతుంది. మామూలుగా అది 4194304 బైట్లు, అంటే 4 ఎంబీ. లెక్కలోకి వచ్చేది ముక్కలోని బైట్లు మాత్రమే కాదు, దాన్ని పట్టుకోవడానికి కెర్నల్ వాడే మొత్తం మెమరీ. అందుకే చిన్న ముక్కలు కూడా ఆ హద్దును త్వరగా నింపేస్తాయి. నిండాక కొత్తగా వచ్చే ముక్కలను కెర్నల్ తీసుకోదు, వాటిలో అసలైన డీఎన్‌ఎస్ జవాబుల ముక్కలు కూడా ఉంటాయి. సంతకాలున్న డొమైన్ల జవాబులు పెద్దవి, అందుకే అవే ముక్కలై వస్తాయి, అవే పోతాయి. పేర్లు కొన్ని పలికి కొన్ని పలకకపోవడానికి కారణం ఇదే. 2018లో బయటపడిన ఫ్రాగ్మెంట్‌స్మాక్ అనే లోపం, CVE-2018-5391, ఇదే చోట మెమరీకి బదులు సీపీయూను తినేది.

రెండో నష్టం కంటికి కనిపించదు, నా అంచనాలో మొదటిదానికంటే పెద్దది. రిజాల్వర్‌కు నకిలీ జవాబు నమ్మించాలంటే దాడిచేసేవారు పోర్టు సంఖ్యను, డీఎన్‌ఎస్ లావాదేవీ సంఖ్యను రెండింటినీ ఊహించాలి. ఆ రెండూ ఉండేది మొదటి ముక్కలో. జవాబు రెండు ముక్కలుగా వచ్చేటట్లయితే, అసలైన మొదటి ముక్కను రానిచ్చి, దానికి నకిలీ రెండో ముక్కను అతికిస్తే చాలు. అప్పుడు ఊహించవలసింది 16 బిట్ల ఐపీ గుర్తింపు సంఖ్య ఒక్కటే. అతికించిన తర్వాత యూడీపీ చెక్‌సమ్ సరిపోయేలా రెండో ముక్కను సర్దడం కష్టమేమీ కాదు. ఈ పద్ధతిని 2012-13 ప్రాంతంలో అమీర్ హెర్జ్‌బర్గ్, హయా షుల్మన్ అనే పరిశోధకులు వివరంగా చూపించారు. మొదటి ముక్క లేనిదే మిగిలినవి పనికిరావన్న తర్కం ఇక్కడ నిలవదు, ఎందుకంటే మొదటి ముక్కను అసలు సర్వరే పంపుతోంది. రిజాల్వర్ సంతకాలను సరిచూస్తే సంతకం ఉన్న డొమైన్లకు ఈ నకిలీ పారదు. కానీ మేము చూసిన రిజాల్వర్‌లో సరిచూడటం ఆపేసి ఉంది, పైగా అన్ని డొమైన్లకూ సంతకాలు ఉండవు.

మూడోది లైన్ 10కి సంబంధించినది. 1995 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1858 దీన్ని రెండు రూపాల్లో వర్ణించింది. టీసీపీ హెడర్‌లో మొదటి 8 బైట్లలో పోర్టులు, వరుస సంఖ్య ఉంటాయి. సిన్, యాక్ వంటి ఫ్లాగులు సున్నా నుంచి లెక్కిస్తే 13వ బైటులో ఉంటాయి. మొదటి ముక్కలో 8 బైట్లు మాత్రమే పెట్టి పంపితే ఫ్లాగులు ఆఫ్‌సెట్ 1 ఉన్న రెండో ముక్కలోకి జారిపోతాయి, ఏసీఎల్ వాటిని చూడలేదు. దీన్ని చిట్టి ముక్కల దాడి అంటారు. రెండో రూపంలో మొదటి ముక్క పూర్తి హెడర్‌తో, యాక్ ఫ్లాగుతో వస్తుంది, అది జవాబేనని లైన్ 10 నమ్ముతుంది. ఆ వెనకే ఆఫ్‌సెట్ 1తో వచ్చే ముక్క 8వ బైటు నుంచి అదే చోటును మళ్లీ ఆక్రమిస్తుంది, అందులో యాక్ తీసేసి సిన్ పెడతారు. కూర్చే కంప్యూటర్ రెండో ముక్కలోని బైట్లను తీసుకుంటే, ఏసీఎల్ జవాబుగా చూసిన ప్యాకెట్ లోపల కొత్త కనెక్షన్ కోరికగా మారిపోతుంది.

ఒకే చోటును రెండు ముక్కలు కోరినప్పుడు ఎవరి బైట్లు నిలవాలన్న విషయంలో ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 791లోని పద్ధతి తర్వాత వచ్చినదానికి పెద్దపీట వేస్తుంది. కొన్ని వ్యవస్థలు ముందు వచ్చినదాన్ని ఉంచుతాయి. పాత లినక్స్ తక్కువ ఆఫ్‌సెట్ ఉన్నదాన్ని ఉంచేది. స్నార్ట్ అనే చొరబాటు గుర్తింపు సాధనంలోని ఫ్రాగ్3 భాగానికి ఏ చిరునామా వెనక ఏ తరహా వ్యవస్థ ఉందో విడిగా చెప్పవలసి రావడానికి కారణం ఈ తేడాలే. 2018 తర్వాతి లినక్స్ కెర్నళ్లు ఈ గొడవలోకి దిగకుండా, ముక్కలు ఒకదానిపై ఒకటి పడితే ఆ ప్యాకెట్‌ను మొత్తంగా పారేస్తాయి.

ఈ పరీక్షను నడుస్తున్న నెట్‌వర్క్‌లో చేయడం మాకు ఇష్టంలేక, అదే ఏసీఎల్‌ను ప్రయోగశాలలోని రౌటర్ మీద వేసి, దాని వెనక ఆ సంస్థలో వాడే రకాల పరికరాలను పెట్టాము. మొదటి ముక్కలో 24 బైట్లు, ఆఫ్‌సెట్ 1తో రెండో ముక్కలో 16 బైట్లు పంపితే రౌటర్ రెండింటినీ వదిలింది. ఆఫ్‌సెట్ 1 ఉన్న టీసీపీ ముక్కను అడగకుండానే పారేసే రౌటర్లు ఉన్నాయి, ఇది ఆ కోవలోది కాదు. కొత్త లినక్స్ సర్వర్లు నిశ్శబ్దంగా ఉండిపోయాయి. ఒక పాత నెట్‌వర్క్ ప్రింటర్ మాత్రం 9100 పోర్టు నుంచి సిన్-యాక్ పంపింది. ఏళ్ల క్రితం ఎవరో పబ్లిక్ చిరునామా ఇచ్చి మరిచిపోయిన అలాంటి ప్రింటర్లు ఆ సంస్థలో ఉన్నాయి. లైన్ 70 ఉంది కదా అని వాటి గురించి ఎవరూ ఆలోచించలేదు. నష్టం ఎంతన్నది ఆ ఒక్క ప్రింటర్‌తో తేలదు. కానీ లైన్ 10 రక్షణ అవతలి పరికరం ముక్కలను ఎలా కూర్చుతుందన్న దానిమీద ఆధారపడి ఉందని అది తేల్చింది.

మూసిన క్రమం

మొదటి దిద్దుబాటు లైన్ 60ని పైకి తేవడం. అయితే దాన్ని ఉన్నదున్నట్టు పైకి తెస్తే రిజాల్వర్‌కు రావలసిన అసలైన పెద్ద జవాబులు వెంటనే ఆగిపోతాయి. అందువల్ల మధ్యంతరంగా ఇలా వేశాము:

```
 2 deny   tcp any any fragments
 4 permit udp any host 203.0.113.53 fragments
 6 permit udp any host 203.0.113.5 fragments
 8 deny   ip any any fragments
```

`fragments` అన్న పదం ఆఫ్‌సెట్ సున్నా కాని ముక్కలకే వర్తిస్తుంది, వాటిలో పోర్టు ఉండదు కనుక ఆ లైన్లలో పోర్టు రాయడానికి వీలుండదు. మొదటి ముక్కలు యథాప్రకారం లైన్ 10 నుంచి కింది నియమాల పరీక్షకు వెళ్తాయి.

లైన్ 2 ఒక్కటే టీసీపీకి సంబంధించిన కంతలన్నీ మూసేస్తుందని అన్నప్పుడు సంస్థ ఇంజనీర్లు సందేహించారు. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3128 చూపిన రూపాంతరంలో ఆఫ్‌సెట్ సున్నాతోనే రెండు ముక్కలు వస్తాయి కదా, అవి లైన్ 2కు చిక్కవు కదా అన్నది వారి ప్రశ్న. మంచి ప్రశ్నే. కానీ ముక్కలైన ఏ ప్యాకెట్ అయినా పూర్తి కావాలంటే ఎంఎఫ్ సున్నాగా ఉన్న చివరి ముక్క రావాలి, దాని ఆఫ్‌సెట్ సున్నా కాకూడదు. ఆఫ్‌సెట్, ఎంఎఫ్ రెండూ సున్నా అయితే అది ముక్క కాదు, పూర్తి ప్యాకెట్, దాన్ని నియమాలు పూర్తిగా చదవగలవు. కాబట్టి లైన్ 2 ఉన్నంతవరకు ఏ ముక్కల టీసీపీ ప్యాకెట్టూ లోపల పూర్తికాదు. చిట్టి మొదటి ముక్క ఎన్నిసార్లు వచ్చినా 30 సెకన్లు ఆగి చచ్చిపోతుంది. ఆ మొదటి ముక్కలు మెమరీని నింపగలవన్న మాట నిజమే, దాని గురించి కింద చెబుతాను.

టీసీపీ ముక్కలను మొత్తంగా ఆపితే అసలైన వాడుక దెబ్బతినదా అంటే, దాదాపు దెబ్బతినదు. నేటి వ్యవస్థలు టీసీపీ ప్యాకెట్లను ముక్కలు చేయవద్దన్న డీఎఫ్ బిట్‌తో పంపి, దారి ఎంటీయూను కనుక్కొని తమ పరిమాణం తగ్గించుకుంటాయి. మధ్యలో ఏదైనా టన్నెల్ పరికరం డీఎఫ్ బిట్‌ను చెరిపేసి ముక్కలు చేస్తుంటే మాత్రం లైన్ 2 లెక్క పనివేళల్లో క్రమంగా పెరుగుతుంది, ఆ వైపు వినియోగదారులకు పేజీలు సగంలో ఆగిపోతాయి. దానికి మందు ఆ టన్నెల్ ఇంటర్‌ఫేస్ మీద `ip tcp adjust-mss 1360` వంటి సవరణ. అందుకోసం లైన్ 2 తీసేయవలసిన అవసరం లేదు.

లైన్ 4, 6 తాత్కాలికమే. వాటిని తీయడానికి ముందు ఆ రెండు సేవలకు ముక్కల అవసరమే లేకుండా చేయాలి. రిజాల్వర్ 4096 బైట్ల దాకా యూడీపీ జవాబు తీసుకుంటానని ప్రకటిస్తోంది. 2020 నాటి డీఎన్‌ఎస్ ఫ్లాగ్ డే సూచించిన 1232కు దాన్ని తగ్గించాము. ఆ సంఖ్య గాలిలోంచి వచ్చింది కాదు. ఐపీవీ6 కనీస ఎంటీయూ 1280లో 40 బైట్ల ఐపీ హెడర్, 8 బైట్ల యూడీపీ హెడర్ తీసేస్తే మిగిలేది 1232.

```
server:
    edns-buffer-size: 1232
```

అన్‌బౌండ్‌లో ఇది సరిపోతుంది. బైండ్‌లో `edns-udp-size 1232;` రాయాలి. జవాబు అంతకంటే పెద్దదైతే అవతలి సర్వర్ కత్తిరించి పంపుతుంది, రిజాల్వర్ అదే ప్రశ్నను టీసీపీ మీద మళ్లీ అడుగుతుంది. కాబట్టి బయటికి వెళ్లే దారిలో టీసీపీ 53 తెరిచి ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఇక్కడ అది మూసి ఉంది, బయటికి వెళ్లే ఏసీఎల్‌లో పోర్టు 53కు యూడీపీ మాత్రమే ఉంది. దాన్ని తెరవకుండా 1232 పెట్టి ఉంటే, అప్పుడప్పుడు పలకని పేర్లు ఇక ఎప్పటికీ పలకకుండా పోయేవి. తిరుగు జవాబులకు లైన్ 10 ఉంది.

వీపీఎన్ గేట్‌వే కథ వేరు. నిర్వహణ సమయంలో లైన్ 6 లేకుండా ప్రయత్నించి చూసినప్పుడు, కొన్ని శాఖల టన్నెళ్లు వెంటనే లేచాయి, కొన్ని లేవలేదు. లాగ్‌లో టన్నెల్ నెలకొల్పే ప్రోటోకాల్ అయిన ఐకేఈ మొదటి మార్పిడి, అంటే IKE_SA_INIT, సజావుగా పూర్తయింది. IKE_AUTH దగ్గర మాత్రం ఒకే సందేశం పదే పదే వస్తున్నట్టు కనిపించింది. ఈ లక్షణం ముక్కలు పోతున్నాయని చెప్పే నమ్మకమైన గుర్తు. సర్టిఫికెట్లు మోసే ఆ సందేశం 1500 బైట్లు దాటి ముక్కలవుతుంది, రహస్య పదంతో నడిచే శాఖలది దాటదు, అందుకే కొన్ని లేచాయి. 2014లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7383 ఐకేఈ సందేశాన్ని ఐపీ స్థాయిలో కాకుండా ఐకేఈ స్థాయిలోనే చిన్న సందేశాలుగా విడగొట్టే పద్ధతి చెబుతుంది. ప్రతి చిన్న సందేశానికీ సొంత యూడీపీ హెడర్ ఉంటుంది, ఏసీఎల్ దాన్ని పూర్తిగా చదవగలదు. రెండు వైపులా ఆ వెసులుబాటును తెరిచాక, టన్నెల్ లోపలి టీసీపీకి ప్యాకెట్‌లో పట్టే డేటా హద్దు అయిన ఎంఎస్‌ఎస్ తగ్గించాక, లైన్ 6 తీసేసినా అన్ని శాఖలూ నిలబడ్డాయి. శాఖల రౌటర్లలో ఒకటి ఆ పద్ధతి తెలియని పాత సాఫ్ట్‌వేర్‌తో ఉండటంతో, దాన్ని నవీకరించేదాకా ఆ ఒక్క శాఖ చిరునామా నుంచి వచ్చే ముక్కలకు మాత్రమే అనుమతి ఉంచాము.

సర్వర్ మీద రెండో వరుస, అక్కడి ఉచ్చు

రౌటర్ నియమం ఎప్పుడైనా మళ్లీ చెదరవచ్చు కనుక, ముక్కల అవసరం లేని వెబ్ సర్వర్ మీద కూడా వాటిని ఆపాలని నిర్ణయించాము. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, దాన్ని చాలా చోట్ల చూశాను. లినక్స్‌లో కనెక్షన్ ట్రాకింగ్ నడుస్తుంటే, ప్యాకెట్ లోపలికి వచ్చిన వెంటనే, ప్రాధాన్యం -400 దగ్గర, కెర్నల్ ముక్కలను కూర్చేస్తుంది. ఆ తర్వాత వచ్చే నియమాలకు ముక్క అన్నదే కనిపించదు, పూర్తి ప్యాకెట్ కనిపిస్తుంది. ముక్కలను ఆపే నియమాన్ని -300 దగ్గర ఉండే రా పట్టికలో రాస్తే దాని లెక్క ఎప్పటికీ సున్నాయే. ఈ సున్నాను చూసి ముక్కలు రావడం లేదనుకోవడం, రౌటర్ మీది లైన్ 60ను చూసి అనుకున్నదానికి అచ్చమైన ప్రతిరూపం. నియమం కూర్పుకంటే ముందు ఉండాలి:

```
table ip fragguard {
  chain pre {
    type filter hook prerouting priority -450; policy accept;
    ip frag-off & 0x3fff != 0 counter drop
  }
}
```

0x1fff బదులు 0x3fff వాడటం వల్ల మొదటి ముక్క కూడా ఇక్కడే పోతుంది, కాబట్టి చిట్టి మొదటి ముక్కలతో మెమరీ నింపే ప్రయత్నం కూడా సాగదు. రిజాల్వర్ మీద 1232 మార్పు స్థిరపడ్డాక ఇదే నియమం అక్కడా వేశాము.

కనెక్షన్ ట్రాకింగ్ ఉన్న లినక్స్ ఫైర్‌వాల్ కూర్చిన తర్వాతే తీర్పు చెబుతుంది కనుక పై దాడులకు చాలావరకు గట్టిగానే నిలుస్తుంది. ట్రాకింగ్ లేకుండా వేగం కోసం నడిపే పెట్టెల్లో పరిస్థితి వేరు. అక్కడ ఐపీటేబుల్స్ టీసీపీ పరీక్ష ఆఫ్‌సెట్ 1 ఉన్న ముక్కను, ఫ్లాగులు కనిపించనంత చిట్టి మొదటి ముక్కను తనంతట తానే పారేస్తుంది. కెర్నల్ కోడులో ఆ చోట మామూలు వాళ్లెవరూ ఇలాంటిది పంపరన్న అర్థం వచ్చే పాత వ్యాఖ్య ఇప్పటికీ ఉంది. యూడీపీ పరీక్షకు ఆఫ్‌సెట్ 1 విషయంలో ఆ జాగ్రత్త లేదు, మొదటిది కాని ముక్క కనిపిస్తే తన నియమం వర్తించదని పక్కకు తప్పుకుంటుంది. చివర drop కాకుండా accept ఉన్న గొలుసులో ఆ ముక్క లోపలికి పోయినట్టే.

ఐపీవీ6 గురించి కొద్దిగా. ఆ సంస్థలో అది సగం తెరిచి ఉంది. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ముక్కలు చేయవు, పంపేవారే చేస్తారు. 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5722 ఒకదానిపై ఒకటి పడే ముక్కలను నిషేధించింది. 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7112 హెడర్ల గొలుసు మొత్తం మొదటి ముక్కలోనే ఉండాలని చెప్పింది. పాటించని పరికరాలు ఇంకా ఉన్నాయి కనుక, వారి ఐపీవీ6 ఏసీఎల్ పైన `deny ipv6 any any undetermined-transport` చేర్చాము. పై పొర ఏమిటో తేల్చలేని ప్యాకెట్‌ను అది అనుమతి వైపు మొగ్గనివ్వకుండా ఆపుతుంది.

మార్పుల తర్వాత మొదట పంపిన ముక్కనే మళ్లీ పంపి, సర్వర్ దగ్గర టీసీపీడంప్‌లో ఏమీ రాలేదని, రౌటర్ మీద `show ip access-lists EDGE-IN`లో లైన్ 2 లెక్క పెరిగిందని రెండూ చూశాకే పూర్తయినట్టు రాసుకున్నాము. రెండింటిలో ఒక్కటే చూడటం చాలదు, ప్యాకెట్ వేరే కారణంతో దారిలోనే పోయి ఉండవచ్చు. రిజాల్వర్ మీద `IpReasmTimeout` నిలిచిపోయింది, సంతకాలున్న పేర్లకు టీసీపీ మీద జవాబులు వస్తున్నాయి. లైన్ 8 లెక్క ఇప్పుడు రోజూ పెరుగుతోంది. పాత లైన్ 60ను తొలగించాము, ప్రింటర్లను పబ్లిక్ చిరునామాల నుంచి తప్పించి లోపలి నెట్‌వర్క్‌లోకి మార్చారు. `established`తో నడిచే లైన్ 10 మాత్రం ఇంకా అక్కడే ఉంది. స్థితిని గుర్తుంచుకునే ఫైర్‌వాల్ రౌటర్ వెనకకు వచ్చాక దాన్ని తీసేయాలన్నది మా సిఫార్సు, ఆ కొనుగోలు ఇంకా ఆమోదం దశలో ఉంది.